పాస్‌పోర్ట్ చేతికొచ్చింది, మోసం కంటికి కనిపించలేదు

ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, నాలుగున్నర వేల రూపాయలు కట్టి, కొన్ని వారాల్లో ఇంటికి పాస్‌పోర్ట్ తెప్పించుకున్న మనిషితో 'మీరు మోసపోయారు' అంటే నమ్మడం కష్టం. పాస్‌పోర్ట్ చేతిలోనే ఉంది. అది నకిలీ కాదు. పోలీస్ వెరిఫికేషన్ జరిగింది, స్పీడ్ పోస్ట్‌లో వచ్చింది. ఇక మోసం ఎక్కడుంది?

మోసం ఫీజులో ఉంది. 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్‌కి పెద్దవాళ్ల దగ్గర ప్రభుత్వం తీసుకునేది 1,500 రూపాయలు. మిగతా మూడు వేలు ప్రభుత్వానికి చేరలేదు. ప్రభుత్వ సైట్‌లా కనిపించేలా తయారు చేసిన ఒక ప్రైవేటు సైట్ నడిపేవాళ్ల ఖాతాలోకి వెళ్లాయి. కట్టిన మనిషికి ఆ సంగతి తెలియదు. తెలియదు కాబట్టి ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేదు కాబట్టి ఆ సైట్ మర్నాడు కూడా అలాగే నడుస్తుంది.

ప్రభుత్వ సేవల పేరుతో నడిచే దొంగ సైట్లన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని డబ్బు పుచ్చుకుని మాయమైపోతాయి. కొన్నింటికి డబ్బు కూడా ముఖ్యం కాదు, ఆధార్ నంబరు, కార్డు వివరాలు, ఓటీపీ దొరికితే చాలు. ఈ రెండు రకాల్లోనూ మోసం త్వరగానే బయటపడుతుంది, బాధితుడు లబోదిబోమంటూ పోలీసుల దగ్గరికి వెళ్తాడు. మూడో రకం వేరు. అది డబ్బు తీసుకుంటుంది, పని కూడా చేసి పెడుతుంది. ఎక్కువ రోజులు బతికేది, ఎక్కువమందిని ముంచేది ఈ మూడో రకమే. చట్టానికి అందీ అందకుండా తప్పించుకునేదీ అదే కాబట్టి దాన్నే దగ్గరగా చూడాలి.

ఒక దరఖాస్తు వెంట నడిస్తే

ఒక మామూలు సందర్భం ఊహించుకుందాం. ఒకావిడ పాస్‌పోర్ట్ గడువు నాలుగు నెలల్లో ముగుస్తుంది. కూతురి దగ్గరికి విదేశం వెళ్లాలి. ఫోన్‌లో గూగుల్ తెరిచి 'పాస్‌పోర్ట్ రెన్యువల్' అని వెతికింది. పైన మొదట కనిపించిన లింక్ నొక్కింది. ఆ లింక్ మీద చిన్న అక్షరాలతో Sponsored అని ఉంది. అంటే అది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. ఫోన్ తెర చిన్నది కావడంతో అసలైన సైట్ కనిపించాలంటే వేలితో కిందికి జరపాలి. చాలామంది అంతదాకా వెళ్లరు.

తెరుచుకున్న పేజీలో పైన నీలం పట్టీ, దాని కింద సన్నగా మూడు రంగుల గీత, పక్కన పాస్‌పోర్ట్ బొమ్మ, 'ఇప్పుడే దరఖాస్తు చేయండి' అనే బటన్ ఉన్నాయి. నాలుగు సింహాల రాజముద్ర మాత్రం లేదు. అది మరిచిపోయి వదిలేసింది కాదు. 2005 నాటి రాజముద్ర దుర్వినియోగ నిషేధ చట్టం ప్రకారం, ప్రభుత్వంతో సంబంధం ఉందనే భ్రమ కలిగేలా ఆ చిహ్నాన్ని వాడితే రెండేళ్ల వరకూ జైలు, 5,000 రూపాయల వరకూ జరిమానా పడవచ్చు. తెలివిమీరిన సైట్లు ఆ ఒక్కటీ ముట్టుకోవు. రంగులు, అక్షరాల తీరు, పదాలు మాత్రం ప్రభుత్వ సైట్ నుంచే తెచ్చుకుంటాయి. చూసేవాళ్ల కన్ను మిగతాది తానే పూరించుకుంటుంది.

ఆ తర్వాత ఒక ఫారం వచ్చింది. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోన్, ఈమెయిల్, కొత్తదా రెన్యువలా, 36 పేజీలా 60 పేజీలా. ఒక్క పేజీలో ఐదు నిమిషాల్లో అయిపోయింది. ప్రభుత్వ సైట్ ఇంత సులువుగా ఉందే అని ఆవిడ సంతోషించింది కూడా. నిజానికి అనుమానం రావలసింది అక్కడే. అసలు పాస్‌పోర్ట్ దరఖాస్తు అంత చిన్నది కాదు. దానికి ముందుగా ఖాతా తెరవాలి, ఈమెయిల్‌కి వచ్చే లింక్‌తో దాన్ని యాక్టివేట్ చేసుకోవాలి. తర్వాత తల్లిదండ్రుల పేర్లు, పాత పాస్‌పోర్ట్ వివరాలు, ఇప్పుడు ఉంటున్న చిరునామా, అత్యవసరంలో ఎవరికి చెప్పాలి, కోర్టు కేసులేమైనా ఉన్నాయా, ఇలా పేజీ తర్వాత పేజీ నింపాలి. ఒక్క పేజీలో అయిపోయింది అంటే అది దరఖాస్తు కాదు, ప్రైవేటు ఏజెంట్‌కి మన వివరాలు అప్పజెప్పే కాగితం.

ఫారం కింద బటన్ నొక్కగానే నేరుగా డబ్బు కట్టే పేజీ వచ్చింది. ఉదాహరణకి 2,999 రూపాయలు అనుకుందాం. యూపీఐతో కట్టింది. యూపీఐ యాప్‌లో పిన్ కొట్టే ముందు, డబ్బు ఎవరికి వెళ్తుందో ఆ పేరు తెర మీద కనిపిస్తుంది. అక్కడ ఏదో ఎంటర్‌ప్రైజెస్ అనో, కన్సల్టెన్సీ అనో, టెక్ సర్వీసెస్ అనో ఉండి ఉంటుంది. అది రెండు సెకన్ల పాటు కనిపించే మాట. అంకె సరిపోయిందా లేదా అనే మనిషి చూసుకుంటాడు గానీ, పేరు చదవడు.

మర్నాడు ఒక ఫోన్ వచ్చింది. మాట్లాడిన మనిషి చాలా మర్యాదగా, 'మేడమ్, మీ పాస్‌పోర్ట్ అప్లికేషన్ గురించి' అంటూ మొదలుపెట్టాడు. పాత పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ, ఆధార్ కార్డు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపమన్నాడు. 'గవర్నమెంట్ ఫీజు 1,500 వేరుగా ఉంటుంది మేడమ్, నిన్న కట్టింది ప్రాసెసింగ్‌కి' అని అప్పుడు చెప్పాడు. ముందే 2,999 కట్టేసిన మనిషి ఇంకో 1,500 దగ్గర వెనక్కి తగ్గదు. తగ్గితే కట్టిందంతా పోతుందనే భయం. ఎక్కడో తత్కాల్‌కి మూడున్నర వేలు అవుతుందని విని ఉంది. తత్కాల్ అంటే మామూలు ఫీజు మీద అదనంగా 2,000, మొత్తం 3,500. కాబట్టి నాలుగున్నర వేలు అనేసరికి 'తత్కాల్‌లో వేశారేమో' అని తనకు తానే సర్దిచెప్పుకుంది. వాళ్లు వేసింది మామూలు దరఖాస్తే.

ఇప్పుడు ఆ ఏజెంట్ ఏం చేశాడో చూడాలి. అసలైన సైట్ passportindia.gov.in తెరిచాడు. ఆవిడ పేరుతో, తన దగ్గరున్న ఈమెయిల్‌తో ఖాతా తెరిచాడు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు చూసి ఫారం నింపాడు. 1,500 కట్టి, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ బుక్ చేసి, ఏఆర్ఎన్ అనే దరఖాస్తు నంబరు ఉన్న రశీదు ఆవిడకి పంపించాడు. అంతే. సేవా కేంద్రానికి ఆవిడే వెళ్లాలి. వేలిముద్రలు ఆవిడే ఇవ్వాలి, అసలు పత్రాలు ఆవిడే చూపించాలి. ఇంటికొచ్చిన పోలీసుతో ఆవిడే మాట్లాడాలి. 2,999 రూపాయలకి ఆవిడకి దక్కినది ఒక ఫారం నింపిపెట్టడం. అసలు కంటే కొసరు ఎక్కువ అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం. అసలు 1,500 అయితే కొసరు దానికి రెట్టింపు.

ఫారం నింపుకోవడం రానివాళ్లు సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. అందుకు ప్రభుత్వమే దారి పెట్టింది. కామన్ సర్వీస్ సెంటర్లలో పాస్‌పోర్ట్ ఫారం నింపి, పత్రాలు ఎక్కించి, అపాయింట్‌మెంట్ తీసిపెట్టే పనికి విదేశాంగ శాఖ పెట్టిన రుసుము 100 రూపాయలు. ఆ వందతో పోల్చి చూస్తేనే 2,999 ఎంత దారుణమో తెలుస్తుంది. పైగా కేంద్రంలో ఎదురుగా కూర్చున్న మనిషి ప్రైవేటు వ్యక్తి అని అందరికీ తెలుసు. సైట్ దగ్గర ఆ సంగతి దాచారు. సాయానికి డబ్బు తీసుకోవడం వేరు, తామే ప్రభుత్వం అనిపించి తీసుకోవడం వేరు.

డబ్బు కంటే పెద్ద నష్టం

మూడు వేలు పోయాయి, పోతే పోయాయి అనుకోవచ్చు. కానీ ఆ ఖాతా ఏజెంట్ ఈమెయిల్ మీద ఉంది. దాని పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది. అపాయింట్‌మెంట్ రోజు ఆవిడకి జ్వరం వచ్చిందనుకోండి. తేదీ మార్చుకోవాలంటే ఆ ఖాతాలోకి వెళ్లాలి. పాస్‌వర్డ్ మరిచిపోయాను అని నొక్కితే లింక్ వెళ్లేది ఏజెంట్ ఈమెయిల్‌కి. అతనికి ఫోన్ చేస్తే ఎత్తడు, లేదా 'రీషెడ్యూలింగ్ చార్జీ' అంటూ మళ్లీ డబ్బు అడుగుతాడు. అసలు సైట్‌లో తేదీ మార్చుకోవడానికి చార్జీ లేదు. కాకపోతే ఏడాదిలోపు మూడుసార్లే మార్చుకోవచ్చు. ఆ మూడు అవకాశాలూ ఎవరి చేతిలో ఉన్నాయన్నదే సమస్య. కట్టిన ఫీజుకి గడువు కూడా ఏడాదే. ఏజెంట్‌తో విసిగిపోయి తనే కొత్తగా ఖాతా తెరిచి దరఖాస్తు వేసుకుంటే, 1,500 మళ్లీ కట్టాలి.

ఇంకో నష్టం ఇంతకంటే లోతుగా ఉంటుంది. రోజుకు ఎన్నో ఫారాలు నింపే మనిషి అన్ని ప్రశ్నలూ అడిగి నింపడు. 'మీ మీద క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉందా' అనే చోట అందరికీ 'లేదు' అని కొట్టుకుంటూ పోతాడు. ఆస్తి తగాదాలో ఎప్పుడో పెట్టిన కేసు ఒకటి ఇంకా కోర్టులో ఉన్న మనిషికి కూడా అదే సమాధానం పడుతుంది. ఫారం నింపింది ఎవరైనా, చివర ఉన్న డిక్లరేషన్ దరఖాస్తుదారుదే. పాస్‌పోర్ట్ చట్టంలోని 12వ సెక్షన్ తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడాన్ని, ముఖ్యమైన విషయం దాచడాన్ని నేరంగా చెబుతుంది. తనకు తెలియదని ఆ మనిషి రుజువు చేసుకోగలడేమో గానీ, ముందు నోటీసు వస్తుంది, ఫైలు ఆగుతుంది, ప్రయాణం తప్పిపోతుంది.

వాట్సాప్‌లో పంపిన ఆధార్, పాత పాస్‌పోర్ట్ ఫొటోలు ఎక్కడ ఉంటాయో, ఎంతకాలం ఉంటాయో, ఎవరి చేతికి చేరతాయో చెప్పేవాళ్లెవరూ లేరు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోన్, ఫొటో, రెండు గుర్తింపు పత్రాలు ఒకేచోట దొరకడం మోసగాళ్లకు దొరికే అన్నిటికంటే విలువైన సరుకు.

'మేము ప్రభుత్వం కాదు' అని కింద రాశారు కదా?

ఈ సైట్లను నిలదీస్తే వచ్చే జవాబు ఒకటే. పేజీ చివరిదాకా వెళ్తే, బూడిద రంగు మీద బూడిద రంగు అక్షరాలతో, 'ఇది ప్రైవేటు కన్సల్టెన్సీ, ఏ ప్రభుత్వ శాఖతోనూ సంబంధం లేదు' అని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఉంటుంది. చదవకపోవడం మీ తప్పు అంటారు. చాలామంది ఈ మాట విని వెనక్కి తగ్గుతారు, తప్పు తమదే అనుకుంటారు.

ఆ వాదన కోర్టుల్లో నిలబడలేదు. బ్రిటన్‌లో 2011 నుంచి 2014 దాకా ఒక ముఠా పాస్‌పోర్ట్, వీసా, డ్రైవింగ్ లైసెన్స్ వంటి సేవల పేరుతో ఇలాంటి సైట్లు నడిపింది. సెర్చ్‌లో పైన కనిపించేలా ప్రకటనలు కొనడం, ప్రభుత్వ సైట్ రూపం తెచ్చుకోవడం, అసలు ఫీజు మీద పెద్ద మొత్తం వేయడం, అంతా ఇదే పద్ధతి. అక్కడి నేషనల్ ట్రేడింగ్ స్టాండర్డ్స్ విచారణలో ఆ ముఠా వసూలు చేసిన మొత్తం 3.7 కోట్ల పౌండ్లకు పైనే అని తేలింది. 2018లో జైలు శిక్షలు పడ్డాయి. అక్కడ కూడా చాలామంది బాధితులకు పని జరిగింది. అయినా అది మోసమేనని కోర్టు తేల్చింది.

అమెరికాలో జరిగిన కేసు ఇంకా స్పష్టం. ఆన్ పాయింట్ గ్లోబల్ అనే సంస్థ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో కేసు వేసింది. డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్ అని చెప్పి వాళ్ల సైట్లు డబ్బు కట్టించుకునేవి. కట్టినవాళ్లకి వచ్చేది లైసెన్స్ కాదు, ఎలా రెన్యువల్ చేసుకోవాలో చెప్పే పీడీఎఫ్ పుస్తకం. ఆ పుస్తకంలో ఉన్నదంతా ఉచితంగా ఎవరికైనా దొరికే సమాచారమే. 2021లో కోర్టు సుమారు 10.2 కోట్ల డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. ఇలాంటి కేసుల్లో అక్కడ చూసే కొలమానం గుర్తుపెట్టుకోదగ్గది. మూలన చిన్న అక్షరాలతో ఏం రాశారని కాదు, పేజీ మొత్తం చూసిన మామూలు మనిషికి ఏ అభిప్రాయం కలుగుతుంది అని చూస్తారు.

మన దగ్గర చట్టం లేదని కాదు. కంప్యూటర్ సాయంతో వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకూ జైలు ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2022లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు, ముఖ్యమైన సంగతిని డిస్‌క్లెయిమర్ మాటున దాచకూడదని చెబుతున్నాయి. మొదట ఒక రేటు చూపించి తర్వాత ఒక్కొక్కటిగా చార్జీలు బయటపెట్టడాన్ని 2023 నవంబర్‌లో అదే సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మాయచేసే ఎత్తుగడల జాబితాలో చేర్చింది. 'గవర్నమెంట్ ఫీజు వేరు మేడమ్' అన్న మర్నాటి ఫోన్ సరిగ్గా ఇలాంటిదే. విదేశాంగ శాఖ కూడా indiapassport.org, passport-seva.in వంటి పేర్లు బయటపెట్టి, ఇవి దరఖాస్తుదారుల వివరాలు సేకరిస్తూ భారీగా అదనపు డబ్బు వసూలు చేస్తున్నాయని హెచ్చరించింది. ఒక పేరు మూతపడితే ఇంకో పేరు కొనడానికి పట్టేది కొన్ని వందల రూపాయలు, కొన్ని నిమిషాలు. అందుకే పేర్ల జాబితా బట్టీపట్టడం వల్ల ఉపయోగం తక్కువ.

ప్రకటనలు అమ్మే కంపెనీ బాధ్యత కూడా ఇక్కడ మాట్లాడుకోవాలి. ప్రభుత్వ పత్రాలు, సేవలకు సంబంధించిన ప్రకటనలు ప్రభుత్వాలు లేదా వాళ్లు అధికారం ఇచ్చినవాళ్లు మాత్రమే ఇవ్వాలని గూగుల్ నిబంధనల్లోనే ఉంది. 'పాస్‌పోర్ట్' అనే మాట బదులు 'డాక్యుమెంట్ సహాయం' అని ప్రకటనలో రాసి, నొక్కితే తెరుచుకునే పేజీలో మాత్రం పాస్‌పోర్ట్ చూపించేవాళ్లు ఆ జల్లెడ దాటిపోతారు. ఒక్క ప్రకటన కూడా దాటిపోకుండా ఆపడం తేలిక కాదన్నది నిజమే. కానీ ప్రకటన నొక్కిన ప్రతిసారీ డబ్బు వస్తున్నది కూడా ఆ కంపెనీకే.

చిరునామా చదవడం

ఈ సైట్లను పట్టుకోవడానికి రంగులు, బొమ్మలు, భాష ఏవీ నమ్మదగిన ఆనవాళ్లు కావు, అవన్నీ కాపీ కొట్టొచ్చు. కాపీ కొట్టలేనిది అడ్రస్ బార్‌లో ఉండే చిరునామా ఒక్కటే. అది చదవడానికి ఒక పద్ధతి ఉంది.

https:// తర్వాత వచ్చే మొదటి గీత, అంటే / గుర్తు, ఎక్కడుందో చూడాలి. అక్కడి నుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకి చదవాలి. చిరునామాకి యజమాని ఎవరో చెప్పేది కుడి చివరే. ఈ మూడు చూడండి:

```
https://www.passportindia.gov.in/
https://passportindia.gov.in.example.com/apply
https://abc-gov.in/passport
```

మొదటిది కుడి చివర .gov.in. భారతదేశంలో ఆ పేరు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు, డబ్బు పెట్టి బయట ఎవరూ కొనుక్కోలేరు. రెండోదానిలో gov.in అనే అక్షరాలు ఉన్నాయి, కానీ చివర కాదు, మధ్యలో. అసలు యజమాని చివర ఉన్న example.com. ముందు ఉన్నదంతా ఆ యజమాని తనకిష్టమొచ్చినట్టు రాసుకున్న పేరు. ఫోన్‌లో అడ్రస్ బార్ ఇరుకు కాబట్టి పొడవైన చిరునామా మొత్తం ఒకేసారి కనిపించకపోవచ్చు. దాని మీద నొక్కి చివరిదాకా జరిపి చూడాలి. మూడోది ఇంకా నేర్పుగా చేసింది. gov ముందు చుక్క లేదు, అడ్డగీత ఉంది. ఆ చిన్న గీతతో అది .gov.in కాకుండా పోయింది, ఎవరైనా కొనుక్కోగల మామూలు .in చిరునామా అయింది.

తాళం గుర్తు గురించి ఒక మాట. చిరునామా పక్కన తాళం ఉంటే సైట్ భద్రమని, కాబట్టి నిజమైనదని చాలామంది నమ్ముతారు. ఆ తాళం చెప్పేది ఒక్కటే, మన ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని. ఆ సైట్ ఎవరిదో అది చెప్పదు. దొంగ సైట్‌కి కూడా తాళం ఉచితంగా దొరుకుతుంది.

అయితే .gov.in పరీక్షకీ హద్దులున్నాయి. పాన్ కార్డు సేవలు ఆదాయపు పన్ను శాఖ తరఫున ప్రోటియన్, యూటీఐఐటీఎస్ఎల్ సంస్థల సైట్లలో కూడా జరుగుతాయి. వాటి చిరునామాల్లో gov.in ఉండదు, అయినా అవి అధికారికమే. కెనడా ప్రయాణ అనుమతి ఇచ్చే సైట్ canada.ca, అందులోనూ gov లేదు. కాబట్టి చివర gov.in ఉంటే ప్రభుత్వానిది అనుకోవచ్చు గానీ, లేనిదల్లా దొంగది అనుకోకూడదు. అనుమానం వచ్చిన చోట సెర్చ్ ఫలితాలను పక్కనపెట్టి, ఆ శాఖ ప్రధాన సైట్‌కి వెళ్లి అక్కడున్న లింక్ ద్వారానే సేవ పేజీకి చేరాలి. పాన్ అయితే ఆదాయపు పన్ను శాఖ సైట్ నుంచి, డ్రైవింగ్ లైసెన్స్ అయితే parivahan.gov.in నుంచి.

చిన్న వ్యాపారులు తమ వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ విషయంలో ఇదే వలలో ఎక్కువగా పడుతుంటారు. udyamregistration.gov.in లో ఆ సర్టిఫికెట్‌కి ఫీజు సున్నా. పత్రాలు కూడా ఎక్కించనక్కర్లేదు, ఆధార్, పాన్ నంబర్లు ఉంటే సరిపోతుంది. తమ పోర్టల్, ప్రభుత్వ ఏకగవాక్ష కేంద్రాలు తప్ప ఏ ప్రైవేటు సంస్థకీ ఈ పనికి అధికారం లేదని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ స్పష్టంగా చెప్పింది. అయినా వెతికితే రెండు వేలు, మూడు వేలు అడిగే సైట్లు కనిపిస్తాయి. ఉచితంగా దొరికే దానికి ఎవరైనా ధర పెట్టారంటే, చిరునామా చదవాల్సిన అవసరం కూడా లేదు.

ధర చూసి పట్టుకోవడం పాస్‌పోర్ట్ విషయంలోనూ కుదురుతుంది. అసలు సైట్‌లో లాగిన్ అవసరం లేకుండానే ఫీజు లెక్క చెప్పే పేజీ ఉంది. వయసు, పేజీలు, మామూలా తత్కాలా అని ఎంచుకుంటే కచ్చితమైన మొత్తం చూపిస్తుంది. ఎక్కడైనా ఆ అంకె కంటే ఎక్కువ అడిగితే అక్కడే ఆగిపోవాలి.

కట్టేసిన తర్వాత

డబ్బు కట్టాక తెలిసినా దారులు మూసుకుపోయినట్టు కాదు. కాకపోతే ఏ దారిలో ఎంత వస్తుందో తెలిసి వెళ్లడం మంచిది. ముందు చేయాల్సింది స్క్రీన్‌షాట్లు తీయడం. ప్రకటన, పూర్తి చిరునామా, పేజీ అడుగున ఉన్న వాక్యం, డబ్బు ఎవరి పేరున వెళ్లిందో చూపే రశీదు, వాట్సాప్ మాటలు. ఈ సైట్లు రూపం మార్చుకోవడానికి ఎక్కువ సమయం పట్టదు, నెల తర్వాత వెతికితే ఆ పేజీ అలా ఉండకపోవచ్చు.

సైట్ డబ్బు తీసుకుని ఏ పనీ చేయకపోతే, లేదా ఖాతాలోంచి తెలియకుండా డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, cybercrime.gov.in లో ఫిర్యాదు రాయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. పని చేసిపెట్టి అదనంగా వసూలు చేసినప్పుడు మాత్రం ఆ నంబరు కంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఎక్కువ అక్కరకొస్తుంది, ఎందుకంటే అక్కడ వాదన తప్పుదారి పట్టించే ప్రకటన గురించి. కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకులో డిస్ప్యూట్ వేయవచ్చు. అయితే 'సేవ అందించాం, ఇదిగో రశీదు' అని సైట్‌వాళ్లు కాగితం పెడితే బ్యాంకు చాలాసార్లు వాళ్ల వైపే మొగ్గుతుంది. అందుకే 'పని జరగలేదు' అని రాస్తే కేసు వీగిపోతుంది. 'ప్రభుత్వ సైట్ అని నమ్మించారు, ప్రభుత్వ ఫీజు ఇంత, నా దగ్గర తీసుకున్నది ఇంత' అని స్క్రీన్‌షాట్లతో రాస్తేనే దానికి బలం వస్తుంది.

దరఖాస్తు ఇప్పటికే వాళ్ల చేతుల మీదుగా వెళ్లిపోయి, అపాయింట్‌మెంట్ మాత్రం మిగిలి ఉంటే, గొడవ మొదలుపెట్టే ముందే లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్ అడిగి తీసుకోవాలి. గొడవ అయ్యాక అవి రావు. లోపలికి వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చి, నింపిన ఫారం మొదటి నుంచి చివరి దాకా చదవాలి. లాగిన్ ఇవ్వకపోయినా ఇంకో అవకాశం మిగిలే ఉంటుంది. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో మొదటి కౌంటర్ దగ్గర, ఫొటో తీసి వేలిముద్రలు తీసుకునే చోట, దరఖాస్తులోని వివరాలు తెర మీద చూపించి సరిచూసుకోమంటారు. చాలామంది హడావిడిలో తల ఊపేస్తారు. ఏజెంట్ నింపిన ఫారం ఉన్నవాళ్లు అక్కడ తొందరపడకూడదు. ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, ఇంటి నంబరు అక్షరం అక్షరం చదువుకుని, తప్పుంటే అక్కడే చెప్పి దిద్దించుకోవాలి. కేసుల గురించిన జవాబు ఏం పడిందో కూడా అక్కడే అడిగి తెలుసుకోవాలి.